లలితా సహస్రంలోంచి ఐదు నామాలు: నిమిషం వీడియోకి ఎలా ఏరాలి, అర్థం ఎలా రాయాలి

దసరా దగ్గరపడేసరికి బెజవాడ, గుంటూరు పారాయణ బృందాల నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "లలితా సహస్రనామాల్లోంచి నాలుగైదు తీసి, అర్థంతో నిమిషం వీడియో పెట్టాలండీ. ఏవి తీసుకోమంటారు?"

బాగా నోటికి వచ్చిన నామాల్ని అక్కడొకటి ఇక్కడొకటి ఏరితే పేర్ల జాబితా తయారవుతుంది. ఒక అర్థానికీ ఇంకో అర్థానికీ పొంతన ఉండదు, వెనక పెట్టిన బొమ్మకీ నామానికీ సంబంధం ఉండదు. అందుకని మేం చెప్పేది ఒక్కటే: వరుసగా ఉన్న నామాలు, ఒకే బొమ్మలో కనిపించే నామాలు తీసుకోండి. అదెలాగో 7వ నామం నుంచి 11వ నామం వరకు తీసుకుని, మొదలు నుంచి చివరిదాకా చేసి చూపిస్తున్నాం.

## 1. చేతిలో ఉండాల్సినవి

పుస్తకాలు రెండు రకాలు కావాలి. స్తోత్రం పుస్తకంలో నామాలు శ్లోకాల్లో కలిసిపోయి ఉంటాయి. నామావళి పుస్తకంలో ఒక్కో నామం విడిగా, అంకెతో, చివర "నమః" చేర్చి ఉంటుంది. నామం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నామావళి చెబుతుంది. దాని ముందూ వెనకా ఏముందో స్తోత్రం చెబుతుంది. ఒక్కదానితోనే పని కానిస్తే తప్పు దొర్లేది ఇక్కడే.

మూడోది ప్రతిపదార్థంతో ఉన్న తాత్పర్య పుస్తకం. భాస్కరరాయల సౌభాగ్యభాస్కర వ్యాఖ్యానాన్ని అనుసరించి రాసినదైతే మంచిది. ఒకే నామానికి రెండు మూడు అర్థాలు చెప్పడం ఈ వ్యాఖ్యానాల్లో మామూలే కాబట్టి, ఒక వీడియోకి ఒకే పుస్తకం పెట్టుకోండి. మొదటి నామానికి ఒక పుస్తకం, రెండో నామానికి ఇంకో పుస్తకం చూస్తే మాటతీరే మారిపోతుంది.

- అంకెలు వేసిన నామావళి
- శ్లోకాల స్తోత్రం
- ప్రతిపదార్థం ఉన్న ఒక్క తాత్పర్య పుస్తకం
- చేతులు, ఆయుధాలు స్పష్టంగా కనిపించే అమ్మవారి పటం
- ఫోన్‌లో స్టాప్‌వాచ్

## 2. ముందు సెకన్లు, ఆ తర్వాతే నామాలు

నామాలు ఏరేశాక నిడివి చూసుకుంటే కోతలు తప్పవు. కోత పడేది ఎప్పుడూ అర్థం మీదే. అందుకే లెక్క ముందు.

అరవై సెకన్లలో మొదట ఐదు సెకన్లు పరిచయానికి, చివర ఐదు ముగింపుకి తీసేయండి. మిగిలిన యాభైలో ఒక్కో నామానికి పది సెకన్లు ఇస్తే ఐదు నామాలు పడతాయి. ఆ పదిలో మూడు సెకన్లు నామం చదవడానికి, ఏడు సెకన్లు అర్థానికి. తొందరపడకుండా చదివితే ఏడు సెకన్లలో తెలుగులో పన్నెండు, పదమూడు మాటలు పడతాయి. అంతకు మించి రాస్తే పరుగు పెట్టాల్సి వస్తుంది.

ఏడు నామాలు పెట్టాలని చాలామందికి ఉంటుంది. అప్పుడు అర్థానికి నాలుగు సెకన్లే మిగులుతాయి. నాలుగు సెకన్లలో "కోరికలు తీర్చే తల్లి" అన్నంత మాత్రమే చెప్పగలం. దానికి వీడియో అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా చూసుకోండి. లలితా సహస్రం అనుష్టుప్ ఛందస్సులో ఉంది, అంటే పాదానికి ఎనిమిది అక్షరాలు. కొన్ని నామాలు సరిగ్గా ఒక పాదం నిండుతాయి. "శ్రీమాతా" మూడక్షరాలే. "నిజారుణప్రభాపూరమజ్జద్బ్రహ్మాండమండలా" మాత్రం రెండు పాదాలు, పదహారు అక్షరాలు. ఇలాంటివి పక్కపక్కన పెడితే ఒకటి చిటికెలో అయిపోతుంది, ఇంకోటి ఊపిరి ఆగేదాకా సాగుతుంది. ఎనిమిదేసి అక్షరాల నామాలు తీసుకుంటే నడక దానంతటదే కుదురుతుంది.

## 3. వెయ్యిలో ఎక్కడ వెతకాలి

సహస్రంలో నామాలు విషయం వారీగా గుంపులుగా వస్తాయి. వీడియో చేసేవాళ్ళకి పనికొచ్చే గుంపులు ఇవీ.

రూపం. 6వ నామం "ఉద్యద్భానుసహస్రాభా" దగ్గర మొదలై కాంతి, చేతులు, ఆయుధాలు, కురులు, కిరీటం ఇలా వరుసగా వర్ణన నడుస్తుంది. బొమ్మ చూపిస్తూ చెప్పడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

నివాసం. 55వ నామం "సుమేరుమధ్యశృంగస్థా" నుంచి శ్రీనగరం, చింతామణి గృహం, కదంబవనం వస్తాయి. వీటికి తగిన చిత్రం దొరకడం కష్టం. గీసేవాళ్ళు ఉంటే చేయొచ్చు.

యుద్ధం. 65వ నామం "భండాసురవధోద్యుక్తశక్తిసేనాసమన్వితా" దగ్గర భండాసురుడి కథ మొదలవుతుంది. ఇక్కడ చాలా నామాలు పదహారక్షరాలవి. మూడు సెకన్లలో ఇమడవు.

"నిర్" నామాలు. నిర్మలా, నిర్లేపా, నిరాకారా లాంటివి. చిన్నవి, వినడానికి ఇంపైనవి. కానీ వీటిలో కొన్ని జంటలుగా ఉంటాయి: "నిష్క్రోధా క్రోధశమనీ", "నిర్లోభా లోభనాశినీ", "నిస్సంశయా సంశయఘ్నీ". మొదటి నామం తనకి ఆ దోషం లేదంటుంది, రెండోది మనలోని ఆ దోషాన్ని పోగొడుతుందంటుంది. జంటలో ఒకటి మాత్రమే తీస్తే సగం మాటే చెప్పినట్టవుతుంది. జంటని ఒకే పది సెకన్ల ముక్కలో పెట్టండి.

మొదటిసారి చేసేవాళ్ళకి రూపం గుంపే సరైనది. దానిలో కూడా ఆయుధాల వరుస.

## 4. ఏరేటప్పుడు జరిగే రెండు పెద్ద తప్పులు

మొదటిది నైవేద్యాల వీడియో. "అమ్మవారికి ఇష్టమైన ప్రసాదాలు" అని పెట్టి పాయసాన్నప్రియా, గుడాన్నప్రీతమానసా, దధ్యన్నాసక్తహృదయా అని వరుసగా చదివేస్తుంటారు. ఈ నామాలు స్తోత్రంలో ఉన్న చోటు చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక్కో చక్రంలో ఉండే యోగిని రూపాన్ని వర్ణించే వరుసలో భాగాలు అవి. పాయసాన్నం విశుద్ధి చక్రంలోని డాకినిది. బెల్లం అన్నం మణిపూరంలోని లాకినిది. పెరుగన్నం స్వాధిష్ఠానంలోని కాకినిది.

అమ్మవారే ఆ యోగినుల రూపంలో ఉంది కాబట్టి నామాలు అమ్మవే, సందేహం లేదు. చిక్కు బొమ్మ దగ్గర వస్తుంది. లాకిని వర్ణనలో "వదనత్రయసంయుతా", అంటే మూడు ముఖాలు కలది, అని ఉంది. ఒకే ముఖంతో ఉన్న లలితాదేవి పటం మీద ఈ వరుసని అతికిస్తే మాటకీ పటానికీ చుక్కెదురు. ఈ వీడియో చేయాలంటే ప్రతి నామం పక్కన చక్రం పేరు, యోగిని పేరు రాయాలి. అందుకు నిమిషం చాలదు.

రెండోది ఒక నామాన్ని రెండుగా విరగ్గొట్టడం. శ్లోకంలో ఊపిరి తీసుకునే చోట నామం ముగిసిందనుకుంటారు. పైన చెప్పిన 12వ నామాన్ని "నిజారుణప్రభాపూర" అని ఒకటి, "మజ్జద్బ్రహ్మాండమండలా" అని ఇంకొకటి చేసి అంకెలు వేసినవి కనిపిస్తుంటాయి. అది ఒకే నామం: తన ఎర్రని కాంతి ప్రవాహంలో బ్రహ్మాండాలన్నిటినీ ముంచెత్తే తల్లి అని. నామావళి తెరిచి అంకె సరిచూసుకుంటే ఈ తప్పు జరగదు.

## 5. ఉదాహరణ: 7 నుంచి 11 వరకు

స్తోత్రంలో ఇవి ఇలా ఉన్నాయి:

చతుర్బాహుసమన్వితా
రాగస్వరూపపాశాఢ్యా క్రోధాకారాంకుశోజ్జ్వలా
మనోరూపేక్షుకోదండా పంచతన్మాత్రసాయకా

ఐదూ ఎనిమిదక్షరాలవే. మొదటిది నాలుగు చేతులంటుంది, తర్వాతి నాలుగూ ఒక్కో చేతిలో ఏముందో చెబుతాయి. ఐదు నామాలకి ఒకే పటం సరిపోతుంది.

ముందు పదవిభాగం కాగితం మీద రాసుకోండి. తాత్పర్యం చూసి అర్థం ఎత్తిరాయడం కాకుండా, విడగొట్టిన మాటల మీదుగా మీ అర్థం మీరు రాయాలి. అచ్చయిన తాత్పర్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే ఆ రచయిత మాటలు వాడుకున్నట్టవుతుంది, పైగా ఆ వాక్యాలు నోటికి పొడుగు.

7. చతుర్బాహుసమన్వితా (చతుర్ + బాహు + సమన్వితా)
చదవాల్సింది: "నాలుగు చేతులు కలిగిన తల్లి. ఆ చేతుల్లో ఏమున్నాయో తర్వాతి నాలుగు నామాలు చెబుతాయి."
రెండో వాక్యం వీడియోకి కీలకం. చూసేవాళ్ళు చివరిదాకా ఉండేది దానివల్లే.

8. రాగస్వరూపపాశాఢ్యా (రాగస్వరూప + పాశ + ఆఢ్యా)
చదవాల్సింది: "రాగమంటే కోరిక, మమకారం. మనుషుల్ని కట్టిపడేసే ఆ కోరికే పాశంగా అమ్మ చేతిలో ఉంది."
రాగం అనగానే సంగీతం గుర్తొచ్చి "సంగీత స్వరూపిణి" అని రాసేవాళ్ళున్నారు. పక్కనే పాశం ఉంది, దాని తర్వాత క్రోధం ఉంది. ఇక్కడ రాగం అంటే కోరికే.

9. క్రోధాకారాంకుశోజ్జ్వలా (క్రోధాకార + అంకుశ + ఉజ్జ్వలా)
చదవాల్సింది: "క్రోధమే అంకుశంగా ధరించి వెలుగుతున్న తల్లి. ఏనుగుని లొంగదీసే ఆ ఆయుధం అమ్మ అధీనంలో ఉంది."
"కోపం గల తల్లి" అని రాయకండి. కోపం ఆమె చేతిలోని ఆయుధం, ఆమె స్వభావం కాదు. "నిష్క్రోధా" అని ఇదే స్తోత్రంలో మరోచోట ఉంది.

10. మనోరూపేక్షుకోదండా (మనోరూప + ఇక్షు + కోదండా)
చదవాల్సింది: "మనసే చెరకువిల్లుగా పట్టుకున్న తల్లి. మన సంకల్పాలన్నీ ఈ వింటి నుంచే బయల్దేరతాయి."
ఇక్షు అంటే చెరకు. "రూపే" దగ్గర ఆపితే ఆ చెరకు మాయమైపోతుంది, కాబట్టి "మనోరూపేక్షు" దాకా ఒక్క ఊపులో చదవాలి.

11. పంచతన్మాత్రసాయకా (పంచతన్మాత్ర + సాయకా)
చదవాల్సింది: "శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం. ఈ ఐదూ అమ్మ చేతిలోని ఐదు పూలబాణాలు."
తన్మాత్రలకి బదులు పంచభూతాలని రాయడం తరచూ జరిగే పొరపాటు. నేల, నీరు మొదలైనవి భూతాలు. తన్మాత్రలు వాటికి మూలమైన సూక్ష్మాలు. ఆ ఐదు పూల పేర్లు మాత్రం ఇక్కడ ఇరికించొద్దు. ఆ పేర్లు అన్ని పుస్తకాల్లో ఒకేలా ఉండవు, ఏడు సెకన్లలో తేలే విషయం కాదు.

10, 11 మధ్య విరామం తక్కువ ఉంచండి. విల్లు మనసు, బాణాలు ఇంద్రియ విషయాలు. రెండూ వెంటవెంటనే వినిపిస్తేనే ఆ పొందిక అర్థమవుతుంది.

## 6. పటం సరిపోయిందా?

మన ప్రాంతంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. అమ్మవారు అనగానే ఇంద్రకీలాద్రి కనకదుర్గమ్మ పటం పెట్టేస్తారు. దుర్గమ్మ మూలమూర్తి మహిషాసురమర్దిని, ఎనిమిది చేతులు. ఆ పటం మీద "చతుర్బాహుసమన్వితా" అని రాస్తే చూసిన చిన్నపిల్లలు కూడా చేతులు లెక్కపెట్టి అడుగుతారు.

పాశం, అంకుశం, చెరకువిల్లు, పూలబాణాలు నాలుగూ విడివిడిగా కనిపించే లలితాదేవి పటం తీసుకోండి. దసరాల్లో కొండ మీద లలితా త్రిపురసుందరీ దేవి అలంకారం రోజు వీడియో పెట్టాలనుకుంటే, ఆ ఏటి అలంకారాల వరుసని దేవస్థానం ప్రకటనలో చూసుకోండి. తిథుల్ని బట్టి తేదీ మారుతుంది. ఆ అలంకారంలో లక్ష్మీ సరస్వతులు అటూ ఇటూ వింజామరలు వీస్తుంటారు కాబట్టి, ఆ చిత్రానికే అతికే నామం ఇంకొకటి ఉంది: "సచామరరమావాణీసవ్యదక్షిణసేవితా". పదహారక్షరాలది, విడిగా ఒక చిన్న వీడియోకి పనికొస్తుంది.

పటాన్ని ఎడిటింగ్‌లో అద్దంలోలా తిప్పకండి. ఎడమ చేతి విల్లు కుడి చేతిలోకి వెళ్ళిపోతుంది. సెల్ఫీ కెమెరాతో పటాన్ని తీసినా ఒక్కోసారి ఇదే జరుగుతుంది, కాబట్టి వెనక కెమెరా వాడండి.

## 7. నామంగా చదవాలా, "నమః" చేర్చాలా?

రెండూ సరైనవే, కలపకూడదు. అర్థం చెప్పే వీడియోకి స్తోత్రంలో ఉన్న రూపమే నయం. "నమః" చేర్చాలంటే నామం చివర మారుతుంది. "ఆ"తో ముగిసేవాటికి "ఆయై" వస్తుంది: చతుర్బాహుసమన్వితాయై నమః, పంచతన్మాత్రసాయకాయై నమః. "ఈ"తో ముగిసేవాటికి "యై" వస్తుంది: శ్రీమత్సింహాసనేశ్వర్యై నమః.

"శ్రీమాతాయై నమః" అని రాసినవి చాలా కనిపిస్తాయి. అది తప్పు. "శ్రీమాత్రే నమః" అనాలి. సందేహం వస్తే సొంతంగా కట్టకుండా నామావళి చూసి రాసుకోండి. బీజాక్షరాలు చేర్చి చదవడం ఉపదేశం ఉన్నవాళ్ళ పద్ధతి, వీడియోలో వద్దు.

చదివేటప్పుడు జాగ్రత్త పడాల్సిన అక్షరాలు మూడు: "పాశాఢ్యా"లో ఢ ఒత్తుగా పలకాలి, "పాశాడ్యా" కాకూడదు. "పాశ"లో శ, "పాస" కాకూడదు. "ఉజ్జ్వలా"లో వ మింగేయకూడదు.

## 8. తెర మీద అక్షరాలు

నిలువు వీడియో, 1080×1920. నామం తెర పైభాగంలో, అర్థం మధ్యలో ఉంచండి. కింది ఐదో వంతు ఖాళీగా వదిలేయండి, అక్కడ ఖాతా పేరూ వివరణా వచ్చి కప్పేస్తాయి.

నామాన్ని రెండు వరుసలుగా విరవాల్సి వస్తే మాట ముగిసే చోటే విరవాలి. "చతుర్బాహు / సమన్వితా", "రాగస్వరూప / పాశాఢ్యా", "మనోరూపేక్షు / కోదండా", "పంచతన్మాత్ర / సాయకా" బాగానే ఉంటాయి. "క్రోధాకారాంకుశోజ్జ్వలా" మాత్రం ఎక్కడ విరిచినా సంధి తెగుతుంది. దానికి అక్షరాల సైజు తగ్గించి ఒకే వరుసలో పెట్టండి.

"జ్జ్వ" లాంటి చోట్ల కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోయి, పొల్లుతో సహా పక్కపక్కన పడతాయి. ఫాంట్‌లో తెలుగు సరిగా లేకపోవడం ఒక కారణం. Noto Sans Telugu పెట్టి చూడండి. ఒక్కో అక్షరం టైప్ అవుతున్నట్టు కనిపించే ఎఫెక్ట్ రెండో కారణం, అది సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేస్తుంది. నామం మొత్తం ఒకేసారి తెర మీదికి రావాలి. అక్షరాల మధ్య ఎడం సున్నా ఉండాలి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మాటల్ని తెచ్చి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో మళ్ళీ కొట్టుకోవాలి. ఎంతకీ కుదరకపోతే నామాన్ని బొమ్మగా తయారు చేసి పెట్టండి.

## 9. రికార్డింగ్ వరుస

గొంతు ముందు, బొమ్మ తర్వాత. బొమ్మలు అమర్చాక గొంతు సరిపెట్టబోతే అర్థం చదివే వేగం చెడుతుంది.

1. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి, ఐదు నామాలూ అర్థాలూ ఒకే కూర్చోవడంలో చదవండి. పండగ రోజుల్లో మైకుల హోరు తగ్గే తెల్లవారుజాము మేలు.
2. ఒక్కో ముక్కని పది సెకన్లతో సరిచూడండి. దాటితే మాట తగ్గించండి, వేగం పెంచొద్దు.
3. పటాన్ని పూర్తిగా చూపిస్తూ 7వ నామం, తర్వాత ఒక్కో నామానికి ఆ చేతి దగ్గరికి దగ్గరచేసి చూపించండి.
4. పదకొండో నామం అయ్యాక మళ్ళీ పటం మొత్తం కనిపించాలి.
5. వెనక వాద్యం పెడితే అర్థం చదివేటప్పుడు బాగా తగ్గించండి. వేరేవాళ్ళు పాడిన సహస్రనామ రికార్డింగ్ వెనక పెట్టకండి. స్తోత్రం అందరిదీ, ఆ రికార్డింగ్ అందరిదీ కాదు.

## 10. పెట్టేముందు సరిచూడాల్సినవి

- ప్రతి నామం అంకె నామావళితో సరిపోయిందా
- ఐదు నామాలూ వరుసలోనే ఉన్నాయా, మధ్యలో ఏదీ జారిపోలేదా
- తెర మీద రాసినదీ, నోటితో చదివినదీ అక్షరం తేడా లేకుండా ఒకటేనా
- కొన్నిచోట్ల "నమః", కొన్నిచోట్ల లేకుండా కలిసిపోలేదు కదా
- పటంలో నాలుగు చేతులు, నాలుగు ఆయుధాలు కనిపిస్తున్నాయా
- శబ్దం ఆపి చూసినా అర్థం చదవగలిగేంతసేపు అక్షరాలు తెర మీద నిలుస్తున్నాయా
- స్తోత్రం నోటికి వచ్చిన ఒకరికి, అసలు రాని ఒకరికి చూపించారా

ఆఖరి దానికి కారణం ఉంది. స్తోత్రం వచ్చినవాళ్ళు అక్షరదోషం పడతారు కానీ అర్థం తెలియకపోయినా అడగరు. రానివాళ్ళు "తన్మాత్ర అంటే ఏంటండీ" అని వెంటనే అడుగుతారు. అలా అడిగితే 11వ అర్థాన్ని మార్చాల్సిందే.

వివరణలో "శ్రీలలితా సహస్రనామ స్తోత్రం, 7 నుంచి 11 నామాలు" అని అంకెలతో రాయండి. ఇది పారాయణ కాదు, అర్థం కోసం తీసిన భాగం అని చూసేవాళ్ళకి అప్పుడే తెలుస్తుంది. తర్వాతి వీడియో 13వ నామం "చంపకాశోకపున్నాగసౌగంధికలసత్కచా" దగ్గర, అమ్మవారి కురుల్లోని పూలతో మొదలుపెట్టొచ్చు. అది పదహారక్షరాలది కాబట్టి దానికి పదిహేను సెకన్లు కేటాయించుకోండి.